రెండో పేలుడు ఎక్కడి నుంచి వచ్చింది: ఒక పిండి మిల్లు కేస్ స్టడీ

జడ్చర్ల వైపు ఉన్న ఒక రోలర్ ఫ్లోర్ మిల్లు ఇది. రోజుకు వంద టన్నుల దాకా గోధుమలు ఆడతాయి. మైదా, బొంబాయి రవ్వ, ఆటా, చోకర్ బయటికి వస్తాయి. ఎండలు ముదిరిన ఏప్రిల్ చివరలో, రాత్రి షిఫ్టులో, ప్యాకింగ్ హాల్లో వెంటవెంటనే రెండు పేలుళ్లు జరిగాయి. మొదటిది చిన్నది, మైదాను పైకి మోసే బకెట్ ఎలివేటర్ లోపల జరిగింది. రెండోది పెద్దది, హాలంతా మంట కమ్మింది. షిఫ్ట్ మిల్లర్‌కు, ఇద్దరు హమాలీలకు చేతులు, ముఖం కాలాయి. ముగ్గురూ బతికి బయటపడ్డారు. కిటికీలు ఫ్రేములతో సహా బయటికి పడ్డాయి, ఒక ఇటుక గోడ పగిలింది.

ఫ్యాక్టరీ భద్రత తనిఖీలు నా వృత్తి. కారణం తేల్చమని యజమానులు పిలిస్తే వెళ్లాను. నేను వెళ్లేసరికి అక్కడ అందరూ "కరెంట్ షార్టే" అని తేల్చేసుకున్నారు. కాలిన కేబుళ్లు కళ్ల ముందే ఉన్నాయి కాబట్టి అలా అనుకోవడం సహజమే. కానీ కేబుల్ ట్రేలు బయటి నుంచి లోపలికి కాలాయి. పై తొడుగు మాడింది, లోపలి రాగి తీగ ఎక్కడా కరిగి ముద్ద కట్టలేదు. కేబుళ్లు మంటకు బలైనవే తప్ప మంటను పుట్టించినవి కావు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన ఒక హమాలీ నన్ను అడిగిన ప్రశ్న ఇది: "సార్, అది పిండే గద, పెట్రోలు కాదు గద. గంత మంట ఎక్కడికెల్లి వచ్చింది?" ఈ కేసంతా ఆ ప్రశ్నకు జవాబే.

కుప్పగా ఉంటే మాడుతుంది, లేస్తే పేలుతుంది

మైదా కుప్ప మీద అగ్గిపుల్ల వేస్తే ఆ చోట నల్లబడి ఆరిపోతుంది. లోపలి పిండికి గాలి అందదు. అదే పిండి గాలిలోకి లేచి మబ్బులా పరుచుకుంటే ప్రతి రేణువు చుట్టూ గాలి ఉంటుంది. ఒక రేణువు మండి పక్కదాన్ని అంటిస్తుంది, అది ఇంకోదాన్ని అంటిస్తుంది. మబ్బు మొత్తం సెకనులో చిన్న భాగంలోనే మండిపోతుంది. ఆరుబయట అయితే అది ఒక పెద్ద మంటగా లేచి ఆగుతుంది. గదిలోనో, రేకు పెట్టెలోనో అయితే వేడెక్కిన గాలికి పోవడానికి చోటుండదు, ఒత్తిడి పెరుగుతుంది. గోధుమ పిండిని మూసిన పరీక్ష పాత్రలో పేల్చి చూస్తే ఒత్తిడి 8 బార్ల దాకా, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు ఎనిమిది రెట్ల దాకా వెళ్తుంది. ఒక బార్‌లో పదో వంతుకే మామూలు ఇటుక గోడ నిలవడం కష్టం.

అంటే మండే దుమ్ము, గాలి, నిప్పు ఉంటే సరిపోదు. దుమ్ము తగినంత చిక్కగా గాలిలో లేవాలి, ఆ చోటు మూసి ఉండాలి. ఈ ఐదూ ఒకేసారి కలిసినప్పుడే పేలుడు. ఎంత చిక్కగా అంటే, గోధుమ పిండికి ఘనపు మీటరు గాలిలో సుమారు 50 నుంచి 60 గ్రాములు కనీసం ఉండాలి. పిండి ఎంత సన్నగా ఉంది, ఎంత పొడిగా ఉంది అన్నదాన్ని బట్టి ఈ అంకె అటూఇటూ మారుతుంది. రవ్వ ముతక కాబట్టి అంత తేలిగ్గా అంటుకోదు, కానీ రవ్వలో కలిసి ఉండే సన్న పొడి అంటుకుంటుంది.

50 గ్రాములు చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ అంత చిక్కటి మబ్బులో మనిషి నిలబడలేడు. చాచిన చెయ్యి కనబడదు, ఊపిరి ఆడదు. హమాలీలు రోజూ పనిచేసే హాల్లో గాలి ఎంత దుమ్ముగా ఉన్నా ఆ స్థాయికి దగ్గర్లో కూడా ఉండదు. కాబట్టి "ఇన్నేళ్లుగా ఈ దుమ్ములోనే పనిచేస్తున్నాం, ఏం కాలేదు" అన్న మాట నిజమే. దాన్ని బట్టి ప్రమాదం లేదనుకోవడం మాత్రం తప్పు. నడుస్తున్న ఎలివేటర్ రేకు గొట్టం లోపల అంత చిక్కటి మబ్బు రోజూ ఉంటుంది, అక్కడ లేనిది నిప్పు ఒక్కటే. హాల్లో మబ్బు ఉండదు, కానీ మబ్బుకు కావలసిన సరుకు దూలాల మీద నిల్వ ఉంటుంది. ఆ రాత్రి మొదటి చోటికి నిప్పు వచ్చింది, రెండో చోట సరుకు లేచింది.

ఎలివేటర్‌లో ఏం జరిగింది

ప్యాకింగ్ బిన్ నిండితే మైదా ఎలివేటర్‌ను ఆపడానికి బిన్ పైన ఒక లెవెల్ స్విచ్ ఉంది. అది పిండి పేరుకుని ఊరికే ట్రిప్ అవుతోందని ఎవరో ప్యానెల్‌లో చిన్న వైరు ముక్కతో దాన్ని దాటేశారు. ఆ వైరు అలాగే దొరికింది. ఆ రాత్రి సంచుల కోసం ప్యాకింగ్ కాసేపు ఆగింది. బిన్ నిండింది, ఎలివేటర్ మాత్రం ఆగలేదు. పైకి వెళ్లిన పిండికి దిగడానికి చోటు లేక, ఎలివేటర్ అడుగు పెట్టె అయిన బూట్‌లోకే తిరిగి పడింది. బూట్ నిండి బకెట్లు పిండిలో కూరుకుపోయాయి, బెల్టు ఆగింది. పైన హెడ్ పెట్టెలో బెల్టును తిప్పే చక్రం, హెడ్ పుల్లీ, మాత్రం మోటారు బలంతో ఆగిన బెల్టు కింద తిరుగుతూనే ఉంది.

రబ్బరు బెల్టు ఒకేచోట నిమిషాల పాటు రాపిడి తింటే పొగలు కక్కుతుంది, తర్వాత నిప్పుకణంలా రాజుకుంటుంది. విప్పి చూస్తే హెడ్ పుల్లీ మీది రబ్బరు పూత ఒక పట్టీ మేర అద్దంలా నున్నగా మెరుస్తోంది, బెల్టు లోపలి వైపు అదే వెడల్పున మాడిన మచ్చ ఉంది. హెడ్ పెట్టె అడుగున నల్లటి రబ్బరు తునకలు దొరికాయి. బెల్టు జారిందని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

మిల్లర్‌కు రబ్బరు కాలిన వాసన వచ్చింది. ఆయన మోటారు ఆపించారు. అక్కడిదాకా చేసింది సరైనదే. తర్వాత బూట్ తలుపు తెరిచి, పేరుకున్న పిండిని పారతో లాగించి, తలుపు వదులుగా మూసి మళ్లీ స్టార్ట్ చేశారు. అందరి చూపూ జామ్ అయిన బూట్ మీదే ఉంది, వాసన వచ్చిన హెడ్‌ను ఎవరూ విప్పి చూడలేదు. బెల్టు కదలగానే పైన రాజుతున్న తునకలు ఊడి, అప్పుడే లేచిన పిండి మబ్బులోకి రాలాయి. పిండి మబ్బు అంటుకోవడానికి 400 డిగ్రీల దగ్గర వేడి చాలు, రాజుకున్న రబ్బరు దానికన్నా వేడిగా ఉంటుంది.

రేకు హెడ్ మూత ఎగిరిపోయింది. కింద వదులుగా మూసిన బూట్ తలుపు తెరుచుకుని, ఎదురుగా నిలబడ్డ మిల్లర్ మీదికి మంట వచ్చింది. మొదటి పేలుడు ఇంతే. అక్కడితో ఆగి ఉంటే ఒక మనిషికి గాయాలు, ఒక ఎలివేటర్ నష్టం.

దూలాల మీది సరుకు

హమాలీలు ఎలివేటర్‌కు దగ్గర్లో లేరు, హాలు అవతలి చివర సంచులు కుడుతున్నారు. వాళ్లను కాల్చింది రెండో మంట. మొదటి పేలుడు తాకిడికి దూలాల మీది పిండి లేచి మబ్బయింది, వెనకాలే వచ్చిన మంట దాన్ని అంటించింది. అది ఎటు నుంచి ఎటు పోయిందో స్తంభాలే చెప్పాయి. ఎలివేటర్ వైపు ఉన్న ముఖాల మీద పిండి మాడి పెళుసు పొరలా అంటుకుంది, వెనక ముఖాలు తెల్లగానే ఉన్నాయి. ఆ దారిలో ఉన్న కేబుల్ ట్రేలు, డక్టుల పైభాగాలు చీపురుతో ఊడ్చినంత ఖాళీగా ఉన్నాయి. హాల్లో మంట చేరని మూల ఒకటి మిగిలింది. అక్కడ దూలాల మీద, డక్టుల మీద, ట్రేల్లో పిండి ఎప్పటిలాగే ఉంది.

ఆ మూలలో స్కేలు పెట్టి కొలిస్తే సగటున 4 మి.మీ. మందం వచ్చింది. హాలు మొత్తంలో తల ఎత్తుకు పైన పిండి నిలవగల అడ్డ తలాలన్నీ కలిపితే సుమారు 20 చదరపు మీటర్లు. పేరుకున్న మైదా ఘనపు మీటరుకు దాదాపు 500 కిలోలు తూగుతుంది. లెక్క వేస్తే 40 కిలోలు, అంటే ఒక బస్తా కూడా నిండదు. హాలు పొడవు 12, వెడల్పు 8, ఎత్తు 5 మీటర్లు, కాబట్టి 480 ఘనపు మీటర్ల గాలి. 40 కిలోలూ లేచి సమంగా పరుచుకుంటే ఘనపు మీటరుకు 83 గ్రాములు, పేలడానికి కావలసిన దానికన్నా ఎక్కువే. నిజంలో అంతా లేవదు. సగమే లేచిందనుకుందాం. కానీ ఆ సగం హాలంతా పరుచుకోవలసిన పని లేదు, సగం హాల్లో ఉన్నా అదే చిక్కదనం. వెనకాలే మంట వస్తోంది కాబట్టి అది చాలు.

యజమాని ఈ లెక్కను నమ్మలేదు. "మా హాలు రోజూ రెండుసార్లు ఊడుస్తరు సార్, నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చు" అన్నారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు, నేల నిజంగా శుభ్రంగానే ఉండేది. అడుగుతూ పోతే అసలు విషయం బయటపడింది. షిఫ్టు చివర యంత్రాల మీది పిండిని కంప్రెసర్ ఎయిర్ గొట్టంతో ఊదేవాళ్లు, తర్వాత నేల ఊడ్చేవాళ్లు. ఊదినప్పుడు ముతక పొడి నేల మీద పడుతుంది, అది ఊడ్చేస్తే పోతుంది. సన్న పొడి గాలిలో తేలి, గంట తర్వాత దూలాల మీద, ట్యూబ్‌లైట్ల మీద, డక్టుల మీద దిగుతుంది. అంటే ప్రతి రోజూ శుభ్రం చేసే పనే, తేలిగ్గా పేలే సన్న పిండిని ఏరి, తేలిగ్గా రాలే చోట దాచిపెట్టింది. పైగా మన ఎండల్లో రేకు కప్పు కింద ఆ పొర తేమ పోయి ఇంకా పొడిబారుతుంది.

రికార్డుకెక్కిన తొలి పిండి పేలుడు 1785 డిసెంబర్‌లో ఇటలీలోని ట్యూరిన్‌లో ఒక బేకరీ గోదాములో జరిగింది. పిండి కిందికి పడి మబ్బు లేచింది, దీపం అంటించింది. దాన్ని పరిశీలించి రాసిన కౌంట్ మొరోజో ఆ పిండి అసాధారణంగా పొడిగా ఉండటాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించారు. 1878లో మినియాపోలిస్‌లోని వాష్‌బర్న్ ఏ మిల్లు పేలి 18 మంది చనిపోయారు. పరిశ్రమకు ఇది కొత్తగా తెలిసిన విషయం కాదు. మన 1948 ఫ్యాక్టరీల చట్టం 37వ సెక్షన్ కూడా పేలే దుమ్ము విషయంలో మూడు పనులు అడిగింది: యంత్రాన్ని మూసి ఉంచడం, దుమ్ము పేరుకోకుండా తీసేయడం, నిప్పు పుట్టే చోట్లను దూరం పెట్టడం. ఈ మిల్లులో మూడోదాని మీద బోర్డులు ఉన్నాయి, మొదటిది అరకొరగా ఉంది, రెండోది నేల వరకే ఆగింది.

ఏం మార్పించాం

మొదట ఎయిర్ గొట్టాన్ని హాల్లోంచి తీసేయించాను. ఇక్కడే ఎక్కువ వాదన జరిగింది, ఎందుకంటే ఊదడం పది నిమిషాల పని, వ్యాక్యూమ్‌తో లాగడం గంటన్నర పని. ఇంటికి వాడే వ్యాక్యూమ్ క్లీనర్ ఇక్కడ పనికిరాదు. దానిలో దుమ్ము గాలి మోటారు మీదుగా పోతుంది, బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు ఉంటాయి. మండే దుమ్ముకని చేసిన యంత్రం కావాలి, దాని గొట్టం, నాజిల్ స్టాటిక్ విద్యుత్తు నిలవకుండా ఎర్త్ అయి ఉండాలి. మేము మోటారును బయట పెట్టి, లోపలికి స్టీలు పైపులైన్ వేయించి, అక్కడక్కడా గొట్టం తగిలించే పాయింట్లు పెట్టించాం. పని పైనుంచి కిందికి జరగాలి, యంత్రాలు ఆగి ఉన్నప్పుడే జరగాలి. చేరలేని చోట మెత్తటి బ్రష్‌తో నెమ్మదిగా దించుకోవచ్చు, దులపకూడదు.

ఎన్నాళ్లకోసారి శుభ్రం చేయాలన్నది క్యాలెండర్ చూసి నిర్ణయించకూడదన్నది నా అభిప్రాయం. పొర ఎంత వేగంగా పెరుగుతుందో అదే చెప్పాలి. అమెరికాలో చాలాకాలంగా వాడుతున్న హద్దు ఇంచులో 32వ వంతు, అంటే సుమారు 0.8 మి.మీ. గది నేల విస్తీర్ణంలో 5 శాతానికి మించిన చోట అంత మందం చేరితే ప్రమాదంగా లెక్కిస్తారు. ఈ హాలుకు 5 శాతమంటే 5 చదరపు మీటర్ల కన్నా తక్కువ, మా దూలాలే దానికి నాలుగింతలు. నిచ్చెనెక్కి 0.8 మి.మీ. కొలవడం రోజూ అయ్యే పని కాదు కాబట్టి ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు రేకు పళ్లేలు నాలుగు దూలాల మీద పెట్టించాం. అంత పళ్లెం మీద 0.8 మి.మీ. మైదా సుమారు 37 గ్రాములు తూగుతుంది. ఏ పళ్లెం 18 గ్రాములు దాటినా ఆ హాలు పైభాగం వెంటనే శుభ్రం చేయాలని నియమం పెట్టాం. తూకం వేయడం ప్యాకింగ్ సూపర్‌వైజర్ పని, తక్కెడ ఎలాగూ ఆయన బల్ల మీదే ఉంటుంది.

పళ్లేలు పెట్టాక ఇంకో మేలు జరిగింది. మూడో పళ్లెం మిగతా వాటికన్నా చాలా త్వరగా నిండేది. దాని పైన చూస్తే, ఊగుతూ పిండిని జల్లించే ప్లాన్‌సిఫ్టర్ కింది గుడ్డ స్లీవ్ ఒకటి కుట్టు విడిపోయి ఉంది, ఊగినప్పుడల్లా ఒక చిటికెడు పిండి బయటికి ఉమ్ముతోంది. స్లీవ్ మారిస్తే ఆ పళ్లెం కూడా దారికొచ్చింది. దుమ్ము తీయడం కన్నా అది కారే చోటు మూయడం ఎప్పుడూ చవక. దూలాల పైతలాలకు ఏటవాలు రేకులు బిగించి పిండి నిలవకుండా జారేలా చేశాం, కేబుల్ ట్రేలకు మూతలు వేశాం. ప్యాకింగ్ ఆఫీసు పైన ఒక ఫాల్స్ సీలింగ్ ఉండేది, దాని మీద ఏముందో ఎవరూ ఎన్నడూ చూడలేదు. దాన్ని పూర్తిగా తీయించాం.

ఎలివేటర్‌కు బూట్ షాఫ్ట్ మీద వేగం చూసే సెన్సర్ పెట్టించాం. మామూలు వేగంలో 20 శాతం తగ్గితే మోటారు, దానికి పిండి పోసే కన్వేయర్ రెండూ ఆగుతాయి. హెడ్ వైపు కాకుండా బూట్ వైపే ఎందుకంటే, బెల్టు జారినప్పుడు హెడ్ పుల్లీ చక్కగా తిరుగుతూనే ఉంటుంది, అక్కడ పెట్టిన సెన్సర్ ఏమీ చెప్పదు. లెవెల్ స్విచ్‌ను పిండి అంటుకోని రకానికి మార్చాం, వైరు ముక్క అవసరమే లేకుండా పోయింది. బెల్టు ఆగితే మళ్లీ నడపడానికి కొత్త పద్ధతి రాశాం. ప్యానెల్‌కు తాళం వేయాలి. కాలిన వాసన ఉంటే ఎవరూ ఏ తలుపూ తెరవకూడదు, మనుషులు దూరంగా వెళ్లాలి, రేకు చల్లబడిందని బయటి నుంచి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో నిర్ధారించుకోవాలి. ఆ తర్వాతే హెడ్ విప్పి పుల్లీని, బెల్టును కంటితో చూడాలి. రాజుతున్నది కనిపిస్తే నీళ్ల పైపుతో కొట్టకూడదు, ఆ ధాటికి పిండి లేచి మబ్బవుతుంది. సన్నటి తుంపరగా, నెమ్మదిగా తడపాలి. హెడ్ చూసి సంతకం పెట్టకుండా తాళం తీయరు.

అదే యజమానుల స్పిన్నింగ్ మిల్లు

వాళ్లకు నల్లగొండ వైపు ఒక నూలు మిల్లు కూడా ఉంది. "అక్కడ కూడా పళ్లేలు పెట్టిద్దామా సార్" అని అడిగారు. అక్కడ పళ్లెం సరిపోదు. పత్తి మిల్లులో ఎగిరేది రెండు రకాలు. ఒకటి పొడవాటి పీచు, వాళ్లు ఫ్లై అంటారు. అది దూదిలా ఉబ్బి ఉంటుంది, అంగుళం మందం ఉన్నా తూకం ఉండదు. అది పేలడం అరుదు, కానీ దాని పైతలం మీద మంట చూస్తుండగానే హాలు ఈ చివర నుంచి ఆ చివరకు పాకుతుంది. రెండోది పత్తితో వచ్చిన మట్టి, ఆకు నుసి, తెగిన పీచు కలిసిన సన్న దుమ్ము. అది పత్తిని విప్పి శుభ్రం చేసే బ్లోరూమ్, పీచును దువ్వే కార్డింగ్ నుంచి డక్టుల ద్వారా ఫిల్టర్ రూమ్‌కు చేరుతుంది. పిండి మిల్లుకు ఎలివేటర్ ఎలాగో నూలు మిల్లుకు ఫిల్టర్ రూమ్ అలాగ. మూసిన గది, సన్న దుమ్ము, వీచే గాలి అన్నీ అక్కడే ఉంటాయి. 1987 మార్చిలో చైనాలోని హార్బిన్ లినెన్ మిల్లులో అవిసె నార దుమ్ము పేలి 58 మంది చనిపోయారు, దుమ్ము సేకరించే గదులు, డక్టుల గుండానే అది హాళ్లలోకి పాకింది.

నిప్పు వచ్చే దారి కూడా వేరు. బేళ్లకు కట్టిన ఇనుప పట్టీ ముక్కో, రాయో బ్లోరూమ్ బీటర్‌కు తగిలి నిప్పురవ్వ లేస్తుంది. ఆ రవ్వ దూదిలో పడి కనబడకుండా రాజుకుంటూ డక్టు వెంట ఫిల్టర్ రూమ్ దాకా ప్రయాణిస్తుంది. అందుకే అక్కడ ముందు పెట్టించింది బీటర్‌కు ముందు అయస్కాంతం, డక్టులో రవ్వను పసిగట్టి సరుకును పక్కకు మళ్లించే డైవర్టర్. ఫిల్టర్ రూమ్ వ్యర్థాన్ని వారానికోసారి కాకుండా ప్రతి షిఫ్టుకూ తీసి గది బయట ఉంచమన్నాం, ఎందుకంటే రాజుకున్న పత్తి పొగ కూడా పెద్దగా రాకుండా రోజుల తరబడి లోలోపల కాలుతుంది. మోటార్ల ఫ్యాన్ జాలీలకు, ట్యూబ్‌లైట్లకు, బేరింగ్‌లకు చుట్టుకున్న పీచును తీయడం ఇక్కడ దూలాల కన్నా ముఖ్యం. పీచు చుట్టుకున్న బేరింగ్ వేడి బయటికి పోక, ఆ పీచునే అంటిస్తుంది. దారం తెగకుండా హాల్లో తేమను 55, 60 శాతం దగ్గర ఉంచుతారు, అది స్టాటిక్‌ను కూడా తగ్గిస్తుంది. కానీ మే నెలలో తేమ ప్లాంట్ మరమ్మతుకు ఆగినప్పుడు ఆ రక్షణ ఉండదు. ఆ రోజుల్లో ఫిల్టర్ రూమ్‌ను రెట్టింపు సార్లు చూడాలని రిజిస్టర్‌లో రాయించాం.

పిండి మిల్లులో ఒక పని ఇంకా మిగిలి ఉంది. ఎలివేటర్ హెడ్‌కు పేలుడు ఒత్తిడి బయటికి పోయే వెంట్ కావాలి, అది ఆరుబయటకే తెరుచుకోవాలి. ఇప్పుడున్న చోట పెడితే మంట హాల్లోకే పోతుంది. కాబట్టి ఎలివేటర్‌నే వెనక గోడ బయటికి మార్చాలి. డ్రాయింగ్ సిద్ధమైంది, వెంట్ సైజు లెక్క ఇంజనీర్ దగ్గర ఉంది. వచ్చే షట్‌డౌన్‌లో మారుస్తామన్నారు. అప్పటిదాకా ఆ ఎలివేటర్ నడుస్తున్నప్పుడు బూట్ తలుపు ఎదురుగా ఎవరూ నిలబడకూడదని నేల మీద పసుపు గీత గీయించాను.